మా అన్నయ్య మంచివాడని రుజువు చేయడం

మా అన్నయ్య మంచివాడని రుజువు చేసే పని నందిగామ కోర్టులో మా అక్కచెల్లెళ్ల మీద పడింది. తాను చెడ్డవాడినని రుజువు చేసుకునే పని ఆయన నెత్తిన పడింది. నేనేదో తిరగేసి రాశానని అనుకోకండి. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినదాన్ని, వాక్యం తిరగబడితే నాకు తెలుస్తుంది. సరిగ్గా ఇలాగే జరిగింది.

మేం ముగ్గురం. అన్నయ్య పెద్ద, నేను మధ్య, తర్వాత చెల్లి. జగ్గయ్యపేట పక్క ఊళ్లో నాన్నకి మూడెకరాల మెట్ట చేను ఉండేది. వీలునామా అదీ ఏమీ రాయకుండానే నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత కొన్నేళ్లకి అమ్మ కూడా. నేను ఉద్యోగం చేసుకుంటూ నందిగామలో స్థిరపడ్డాను. చెల్లి పెళ్లయి జగ్గయ్యపేటలో అద్దె ఇంట్లో ఉంది, మరిది సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఊళ్లో మిగిలింది అన్నయ్య. చేను దున్నేదీ, మిరప వేసేదీ, పురుగు పడితే తల పట్టుకునేదీ ఆయనే. పాసుపుస్తకం కూడా తన పేరునే మార్పించుకున్నాడు. మేం ఏమీ అనుకోలేదు. చేను ఎక్కడికి పోతుంది, నాన్న చేనే కదా అనుకున్నాం.

ప్రతి ఈస్టరుకీ అన్నయ్య మా ఇద్దరికీ చెరొక బస్తా ఎండు మిరపకాయలు తెచ్చేవాడు. వదిన బస్తా మూతి పురికొసతో కుట్టి పంపేది. ఆ కుట్టు విప్పడానికి మా ఇంట్లో కత్తిపీట చాలేది కాదు. ఒక ఏడు ఆయన బస్సులో తెస్తుంటే బస్తా చిల్లు పడి, కీసర వెళ్లాల్సిన జనం అంతా నందిగామ స్టాండులోనే తుమ్ముకుంటూ దిగిపోయారట. కండక్టరు తిట్టిన తిట్లన్నీ అన్నయ్య మా హాల్లో కూర్చుని నవ్వుతూ అప్పజెప్పాడు. బస్తా గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత దాని మీద పెద్ద రభస జరిగింది.

చెల్లి సంగతి చెప్పాలి. దానికి ఇల్లు మారడమే జీవితం అయిపోయింది. ఒక ఓనరు మోటారు వేయనివ్వడు, ఒకామె చేపలు వండితే ముక్కు మూసుకుంటుంది, ఇంకొకాయన కొడుక్కి పెళ్లి కుదిరింది ఖాళీ చేయమంటాడు. మారినప్పుడల్లా మరిది మంచం విప్పి మళ్లీ బిగించేవాడు. ఆఖరికి ఆ మంచానికి నట్లు పట్టు వదిలేసి, ఎవరు కూర్చున్నా కిర్రుమనేది. "అక్కా, చచ్చేలోపు మేకు కొట్టుకోవడానికి నాదంటూ ఒక గోడ ఉండాలే" అనేది నాతో. ఊరు పెరిగి పెరిగి నాన్న చేను గట్టు దాకా వచ్చింది. అందులో తన వాటా తనకిస్తే రెండు గదులు వేసుకుందామని దాని ఆశ. అంతకు మించి అది ఏమీ కోరలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట అన్నయ్యని అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"అన్నయ్యా, చేలో నా భాగం నాకు కొలిచి ఇవ్వు. ఇల్లేసుకుంటా."

అన్నయ్య చెప్పులు వెతుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఇప్పుడు అడిగితే ఎలా అమ్మాయ్. టైమైపోయింది. పన్నెండేళ్లు దాటితే ఇక ఎవరికీ ఏం ఉండదంట. చట్టం."

"ఎవరన్నారు?"

"టీ కొట్టు దగ్గర అంతా అంటున్నారు. సెంటరులో స్థలాలు చూసిపెట్టే ఆయన గట్టిగా చెప్పాడు. ఇరవై ఏళ్లు దాటింది కదా నేను చేసుకుంటూ. ఇంక అది నాదే. ఇచ్చేది లేదు."

ఆఖరి బస్సు వెళ్లిపోయిందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఇవ్వను అని తన మాటగా అని ఉంటే ఊరుకునేదాన్నేమో. చట్టం మీదికి నెట్టి తాను తప్పుకోవడం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. చెల్లి మాత్రం అక్కడే కూలబడింది. పన్నెండేళ్ల మాట అదీ విన్నదే. మా వైపు అందరూ వింటారు ఆ మాట. ఆ పన్నెండేళ్లు ఎక్కడ మొదలవుతాయని మాత్రం ఎవరూ అడగరు.

ఆ వారంలోనే దాన్ని లాక్కుని నందిగామలో ఒక లాయరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆస్తి విలువని బట్టి దావా ఇక్కడి కోర్టులోనే వేయాలని తెలిసినవాళ్లు చెప్పారు. లాయరు గారికి ఒక అలవాటు. ఏం చెప్పినా "తేదీ?" అంటారు. మంచినీళ్లు తాగుతారా అని అడిగి, తాగామంటే ఎప్పుడు తాగారని కూడా అడుగుతారేమోనని భయమేసింది.

చెల్లి మొదలుపెట్టింది. దానికి నోరు పెద్దది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బస్టాండులో, ఎక్కడ నలుగురు దొరికినా అన్నయ్య మీద ఒకే కథ చెప్పేది. మొదట్లో ఆ కథ చిన్నదే. నాన్న సమాధి కార్యక్రమం అయ్యాక అన్నయ్య తనని భోజనానికి పిలవలేదు, అంతే. రెండేళ్లకి తలుపు వేసుకున్నాడయింది. ఇంకొన్నాళ్లకి "నాన్న పోయిన మర్నాడే మమ్మల్ని గెంటేశాడు, ట్రంకు పెట్టెలు రోడ్డు మీదికి విసిరేశాడు" దాకా వచ్చింది. ఆ ట్రంకు పెట్టె నాది. దాన్ని ఎవరూ ఎక్కడికీ విసరలేదు, ఇప్పటికీ మా మంచం కిందే ఉంది. ఇదే కథ ఇప్పుడు లాయరు గారికి చెబుతోంది, కళ్లు తుడుచుకుంటూ.

లాయరు గారు కలం మూత పెట్టేశారు.

"అమ్మా, మీ నాన్న గారు పోయిన మర్నాడే మిమ్మల్ని గెంటేశారా?"

"అవునండి."

"వాటా లేదు పొమ్మన్నారా? నలుగురూ వింటుండగా?"

"ఊరంతా విన్నదండి."

"అయితే మీరు ఇంటికెళ్లి పడుకోండి. దావా పోయినట్టే."

చెల్లి ఏడుపు ఆగిపోయింది. నాకూ అర్థం కాలేదు. అన్యాయం ఎంత పాతదైతే అంత పెద్దది అనుకుంటాం మనం. లాయరు గారు మా ఇద్దరికీ ఓపిగ్గా చెప్పారు.

"పంచుకోని ఆస్తి అన్నాచెల్లెళ్లలో ఒకరి చేతిలో ఉంటే, ఆ ఒకరు అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. ఎన్నేళ్లున్నా సరే. ఇరవై ఏళ్లు కాదు, నలభై ఏళ్లు ఒక్కడే దున్నుకున్నా, శిస్తు కట్టుకున్నా, పాసుపుస్తకం తన పేరు మీదికి మార్చుకున్నా, అంత మాత్రాన మిగతావాళ్ల హక్కు పోదు. అతను మీ మొహాన, మీకు తెలిసేటట్టు, మీకిందులో హక్కు లేదు, ఇదంతా నాదే అని బాహాటంగా కాదనాలి. కాదన్న రోజున గడియారం మొదలవుద్ది. అక్కణ్ణించి పన్నెండేళ్లు మీరు నోరు మూసుకు కూర్చుంటే, అప్పుడు పోద్ది. ఆ కాదన్న రోజేదో చూపించాల్సింది కూడా అతనే."

"మరి కాదన్నాడు కదండీ, మొన్న చర్చి బయట" అన్నాను నేను.

"తేదీ?"

చెప్పాను.

"అదీ. అది మనకి మంచి తేదీ. మొన్న కాదన్నాడు, ఇవాళ మనం అడుగుతున్నాం. మీ చెల్లెలు గారు చెప్పే ట్రంకు పెట్టెల తేదీయే మనకి ప్రమాదం."

ఇంకో మాట కూడా చెప్పారు. క్రైస్తవులకి వర్తించే వారసత్వ చట్టంలో కొడుకనీ కూతురనీ తేడా లేదట. అమ్మానాన్న ఇద్దరూ పోయారు కాబట్టి ముగ్గురికీ సమానం. ఈ మాట వింటూనే చెల్లి నిటారుగా కూర్చుంది. నా వాటా కూడా నేను అడగాలన్నారు. నాకు పెన్షను వస్తుంది, నాకెందుకు అన్నాను గాని, పంపకం అంటే అందరి వాటాలూ తేలాల్సిందేనన్నారు.

దావా కాగితాలు తయారయ్యాక తెలుగులో చదివి వినిపించారు. అందులో ఒక వాక్యం దగ్గర చెల్లి లేచి నిలబడింది. "వాదులు, ప్రతివాది మొదటినుంచీ సఖ్యతతో మెలుగుతూ, చేని ఫలసాయం అనుభవిస్తూ ఉన్నారు" అని ఉంది.

"సఖ్యత ఏందండీ సార్, సఖ్యత. ఆయనకీ నాకూ సఖ్యతంట" అంది.

"ఒసేయ్, కూర్చో" అన్నాను.

"నేను సంతకం పెట్టను. రేపు చర్చిలో మొహం ఎట్టా ఎత్తుకోను? ఇన్నాళ్లూ అందరికీ ఏం చెప్పుకున్నా?"

"ఇన్నాళ్లూ చెప్పింది అబద్ధం. ఇప్పుడు ఇక్కడ రాసిందే నిజం. పెట్టు సంతకం" అన్నాను. గోడ కావాలా కథ కావాలా తేల్చుకోమన్నాను. కాసేపు గొణిగి పెట్టింది. బస్సు ఎక్కేదాకా సఖ్యత, సఖ్యత అని సణుగుతూనే ఉంది.

కొన్నాళ్లకి అన్నయ్య లాయరు జవాబు దాఖలు చేశాడు. అది ఇంగ్లీషులో ఉంది. మా లాయరు గారు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి నవ్వారు. అమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజున, సంఘపెద్దలూ బంధువులూ అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, ప్రతివాది లేచి నిలబడి తన చెల్లెళ్లకి ఈ ఆస్తిలో చిల్లిగవ్వ హక్కు లేదని ప్రకటించి, వాళ్లని ఇంటి గుమ్మం తొక్కవద్దని పంపేశాడని రాసి ఉంది. అమ్మ కూడిక జరిగి పన్నెండేళ్లు ఎప్పుడో దాటింది. అక్కణ్ణించి గడియారం లెక్కేస్తే మా పని అయిపోతుంది.

"ఆ రోజు అలా జరగలేదండి. అన్నయ్య అన్నం వడ్డిస్తూ ఏడుస్తున్నాడు" అన్నాను.

"నాకు తెలుసమ్మా. కానీ ఆయన లాయరుకి ఈ చట్టం తెలుసు. పన్నెండేళ్లకి ముందు ఒక దుర్మార్గం కావాలి ఆయనకి. వెతికి పెట్టాడు."

చెల్లి మాత్రం ఒక నిమిషం ఆలోచించి, "మీరు చూశారా, నేను చెప్పిందే ఆయన కూడా రాశాడు" అంది, గెలిచినట్టు. లాయరు గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఆ రోజే మా అదృష్టం కూడా బయటపడింది. చెల్లి లేచి వెళ్తూ వెళ్తూ ఎప్పటిలాగే అన్నయ్య మీద ఒక రాయి వేసింది. "భక్తి చూడాలండి ఆయనది. కోత పండక్కి మిరపకాయల బుట్ట మోసుకెళ్లి ప్రభువు బల్ల ముందు పెట్టి, నాన్న పిల్లల తరఫున అని పాస్టరు అయ్యగారితో మైకులో చదివించుకుంటాడు. చేను మాత్రం నాన్న పిల్లలకి ఇవ్వడంట."

లాయరు గారు "ఆగండి, ఆగండి" అన్నారు. "మళ్లీ చెప్పండి. ఎవరి తరఫున?"

మా చర్చిలో కోత పండుగ పద్ధతి ఒకటుంది. పంట చేతికొచ్చాక ప్రతి ఇంటివాళ్లూ మొదటి పంట కొంత తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, కంది కట్టలు, పత్తి, మిరపకాయలు, కోడిపుంజులు. అయ్యగారు ఒక్కొక్కటీ ఎవరి చేని పంటో మైకులో చెబుతారు. ప్రార్థన చేసి తర్వాత బయట చెట్టు కింద వేలం పాడతారు. నాన్న పోయిన ఏడాది అయ్యగారు అన్నయ్యని అడిగారు, ఎవరి పేరున చదవమంటావు అని. అన్నయ్య "నాన్న పిల్లల తరఫున" అన్నాడు. అప్పట్నించీ అదే. మధ్యలో అయ్యగార్లు మారారు. చర్చికి కొత్త రేకులు వేశారు. ఆ మాట మాత్రం మారలేదు. దావా వేశాక వచ్చిన పండగలో కూడా అన్నయ్య బుట్టని అలాగే చదివారు. నేను అక్కడే ఉన్నాను. చెల్లి ఆ మాటకి నా జబ్బ మీద గిల్లింది, దద్దు లేచింది.

"చేను ముగ్గురిదీ అని ప్రతి ఏడూ ఊరందరికీ చెబుతున్నాడన్నమాట" అన్నారు లాయరు గారు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. తేదీ కూడా అడగలేదు.

ముందు మా సాక్ష్యం. చెల్లి బోనులోకి ఎక్కింది. దేవుని సాక్షిగా నిజమే చెబుతానంది. అన్నయ్య లాయరు లేచి నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"మీ తండ్రి గారు చనిపోయిన మర్నాడే మీ అన్న మిమ్మల్ని గెంటేశారని మీరు ఎన్నో పెళ్లిళ్లలో చెప్పారు. నిజమేనా?"

లేదంటే అబద్ధం. చెప్పింది విన్నవాళ్లు జగ్గయ్యపేట నిండా ఉన్నారు. అవునంటే ట్రంకు పెట్టె కథ మళ్లీ మొదలవుతుందేమో. నోరు ఊరుకోదు కదా దానిది. వెనక బెంచీలో మా సంఘపెద్దలు కూర్చున్నారు, అన్నయ్య తరఫున చూడటానికి వచ్చినవాళ్లు.

చెల్లి కొంగు సర్దుకుంది. "అన్నానండి. కోపంలో అన్నా. చాలాసార్లు అన్నా. జరిగింది కాదండి అది. భోజనానికి పిలవలేదని కోపం. పిలవకపోయినా వెళ్లి తిన్నానండి."

జడ్జి గారి పెదాలు కాస్త కదిలాయి. టైపు కొట్టే ఆవిడకి, కోపంలో అన్నది, జరిగింది కాదు అన్న ముక్క మాత్రమే ఇంగ్లీషులో చెప్పారు. ఇన్నేళ్ల కథని మా చెల్లి తన నోటితోనే నలుగురిలో మడిచి పక్కన పెట్టేసింది. ఒక గోడ కోసం. నాకు దాని మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"ప్రతి ఈస్టరుకీ మీ అన్న మీకు మిరపకాయలు ఇచ్చేవారు. అది ఆడపడుచుల మీద ప్రేమతో ఇచ్చిందే గాని, వాటాగా ఇచ్చింది కాదు. అవునా?"

"కాదండి. వాటానే" అంది చెల్లి. "నాన్న చేని మిరపకాయలండి అవి. నా భాగం నాకు తెచ్చాడు."

అప్పుడు నేను అన్నయ్య వైపు చూశాను. అంతవరకూ కాళ్లు ఊపుతూ కూర్చున్నవాడు, ఊపడం మానేశాడు. గెంటేశావన్నా ఏమీ అనలేదు, అబద్ధమని తేలినా మొహం మారలేదు. ఈ మాటకి మాత్రం మొహం వాడిపోయింది. బస్సుల్లో మోసుకుని, తిట్లు తిని, తుమ్ముకుంటూ తెచ్చిన బస్తా అది. అది ప్రేమ కాదు, లెక్క అని చెల్లి దేవుని సాక్షిగా చెప్పింది. లాయరు గారు మాకు నేర్పింది అదే, వాటాగా ఇచ్చాడంటే మా హక్కు ఒప్పుకున్నట్టే అని. నేను బోనెక్కినప్పుడు నేనూ అదే చెప్పాను. చెప్పేటప్పుడు మాత్రం అన్నయ్య వైపు చూడలేకపోయాను.

తర్వాత వాయిదాకి అన్నయ్య బోనెక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. మా లాయరు గారు మొదట మామూలు మాటలు అడిగారు. ఎన్నాళ్లుగా సేద్యం చేస్తున్నారు, ఏం పంట. తర్వాత కోత పండగకి వెళ్లారు.

"పండక్కి మీ బుట్ట ఎవరి తరఫున చదువుతారు?"

"నాన్న పిల్లల తరఫునండి" అన్నాడు అన్నయ్య, గర్వంగా. మా ఇంటి మర్యాద కదా అది.

"నాన్న పిల్లలు అంటే?"

"మేం ముగ్గురమేనండి. ఇంకెవరున్నారు?"

"మీ పేరున చదవమని ఎప్పుడైనా చెప్పారా?"

"దేవుడి దగ్గర అట్టా ఎట్టా చెబుతామండి? చేను నాన్నది."

అన్నయ్య లాయరు నుదురు రుద్దుకున్నాడు. మా లాయరు గారు అప్పుడు కాగితం తీశారు.

"మీ జవాబులో ఒక సంగతి రాశారు. తెలుగులో చెబుతాను వినండి. మీ అమ్మ గారి జ్ఞాపకార్థ కూడికలో, భోజనాల దగ్గర, అందరి ముందూ మీ చెల్లెళ్లకి చిల్లిగవ్వ హక్కు లేదని చెప్పి, ఇంటి గుమ్మం తొక్కవద్దని పంపేశారు. నిజమేనా?"

అన్నయ్య ఆ లాయరు మొహం, ఈ లాయరు మొహం మార్చి మార్చి చూశాడు. కాగితం మీద సంతకం పెట్టాడు గాని, అందులో ఏముందో ఆయనకి ఎవరూ చదివి చెప్పలేదు, ఆయనా అడగలేదు. చట్టం తన వైపు ఉందని టీ కొట్టు దగ్గర విన్నాడు, అది చాలనుకున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"మీరే."

"నేనా? అమ్మ కూడికలోనా?"

"మీ జవాబులో ఉంది. మీరు అవునంటే చాలు, మీ హక్కు నిలబడుద్ది" అన్నారు మా లాయరు గారు. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది, అన్నయ్య లాయరు లేచి అభ్యంతరం చెప్పాడు కూడా. జడ్జి గారు మా లాయరుని మందలించి, అన్నయ్యతో నెమ్మదిగా అన్నారు. "అన్నారా, అనలేదా? జరిగింది చెప్పండి."

అన్నయ్య వెనక బెంచీ వైపు చూశాడు. సంఘపెద్దలు ఆయన్నే చూస్తున్నారు. ఆ కూడికలో ఆయన పక్కన కూర్చుని తిన్నవాళ్లే అందరూ. అవును అంటే మూడెకరాలూ ఆయనవి అయ్యే దారి ఉంది. కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది.

"అమ్మ పేరున అన్నం పెట్టిన రోజున ఆడపిల్లల్ని పొమ్మంటానా అండీ?" అన్నాడు. "అంత దుర్మార్గుణ్ణి కాదు. అనలేదండి. ఎవరు రాశారో గాని, ఆ మాట కొట్టేయండి."

"మరి ఎప్పుడు కాదన్నారు?" అన్నారు మా లాయరు గారు.

"ఆ ఆదివారమేనండి. చర్చి బయట. టీ కొట్టు దగ్గర మాటలు విని."

అంతే. జడ్జి గారు రాయించారు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది, ఈసారి గిల్లలేదు.

తీర్పులో మాకు అర్థమైన ముక్క ఇది. ఎన్నేళ్లు ఒక్కడే అనుభవించినా, కాదన్నది ఎప్పుడో ప్రతివాది చూపలేకపోయాడు. పైగా ఏటేటా అందరి తరఫునా కానుక పెట్టించి, వాళ్ల హక్కుని తానే ఒప్పుకుంటూ వచ్చాడు. దావా గడువులోనే ఉంది. ముగ్గురికీ మూడు సమాన భాగాలు. అన్నయ్య పై కోర్టుకి వెళ్లలేదు. కోర్టు పంపిన కమిషనరు సర్వేయరుతో వచ్చి రాళ్లు పాతించాడు. ఊరి వైపు భాగం చెల్లికి రావాలని నేను అడిగితే, అన్నయ్య తల ఊపాడు. అన్నయ్య అప్పటికి మాతో మాటలు మానేశాడు. ఆ ఏడు ఈస్టరుకి బస్తా రాలేదు. నేను ఊరగాయకి మిరపకాయలు బజారులో కొన్నాను. కారం లేదు, రంగు లేదు, డబ్బులిచ్చి తెచ్చుకున్నామన్న కోపం ఒకటి.

మరుసటి ఏటికి చెల్లి రెండు గదులూ లేచాయి. తాపీ మేస్త్రీ గోడ పూత ఆరకముందే అది ఒక మేకు కొట్టింది. పగులొచ్చింది. మేస్త్రీ తిట్టాడు. ఆ పగులుకి అది సున్నం కూడా వేయించుకోలేదు, నా గోడ నా ఇష్టం అంది. ఈస్టరు రోజున నేను అక్కడే ఉన్నాను. పొద్దున్న ఆరాధన అయ్యాక ఇంటి ముందు ఆటో ఆగింది. అన్నయ్య దిగాడు. భుజాన బస్తా, మూతికి పురికొస కుట్టు. ఆటోలో ఇంకొకటి ఉంది. నా కోసం.

లోపలికి వచ్చి బస్తా దించాడు. నిలబడి ఆయాసపడ్డాడు. చెల్లి ముందు తేరుకుంది, నోరున్నది కదా.

"ఇదేంటన్నయ్యా? ఇప్పుడు నీ భాగం నీది, మా భాగం మాది. నీ చేలో మాకు వాటా లేదు కదా."

"తెలుసు" అన్నాడు అన్నయ్య. కొత్త గోడకి చేరగిలబడి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నందిగామ వెళ్లి లాయరుని అడిగే వచ్చా. ఇప్పుడు ఇస్తే వాటా కింద రాదంట."

చెల్లి బస్తా మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. మరిది కుర్చీ తేబోతే, అన్నయ్య కిర్రుమనే మంచం మీదే కూర్చున్నాడు. నేను పురికొస కుట్టు విప్పడానికి కత్తిపీట కోసం వంటింట్లోకి వెళ్లి, అక్కడే కాసేపు ఏడ్చుకుని వచ్చాను.